రిపోర్టు నార్మల్ వచ్చాక మాత్ర ఎందుకు?

మాది కృష్ణపట్నం. కండలేరు సముద్రంలో కలిసే చోటుకు దగ్గర్లోనే మా పొలం ఉన్నది. నాయన వరి పండిస్తాడు. పోయిన ఏడాది కోతల సమయంలో ఆయనకు గుండెపోటు వచ్చింది. అప్పటికి ఆయన వయసు యాభైరెండు. నెల్లూరు తీసుకుపోతే స్టెంట్ వేసి, నాలుగైదు రకాల మాత్రలు రాసి పంపించారు. అందులో ఒకటి అటోర్వాస్టాటిన్, 40 మిల్లీగ్రాములు, రాత్రిపూట ఒకటి.

గుండెపోటు వచ్చిన రోజున ఆయన రక్తంలో ఎల్.డి.ఎల్. కొలెస్టరాల్ డెసిలీటరుకు 148 మిల్లీగ్రాములు. మూడు నెలల తర్వాత పరీక్ష చేయిస్తే 74 అని వచ్చింది. ల్యాబువాళ్ళ కాగితంలో ఆ అంకె నార్మల్ గడిలో పడింది. ఆ కాగితం చూసి నాయన ఆ మాత్ర మానేశాడు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. రెండు నెలల తర్వాత మాత్రల అట్ట అట్లాగే ఉండటం చూసి అమ్మ కనిపెట్టింది. నేను సెలవులకు ఇంటికి పోగానే పంచాయితీ నా ముందుకు వచ్చింది.

"రిపోర్టులో నార్మలని రాసినారు గదా, ఇంకేందిరా అబ్బయా ఈ మాత్ర? జొరం తగ్గినాక ఎవురన్నా జొరం బిళ్ళ మింగతారా?" అన్నాడు నాయన.

బయోకెమిస్ట్రీ చదివేవాడిని కదా అని నోరు తెరిచానేగాని, ఆయనకు అర్థమయ్యేట్టు చెప్పటం నాకు చేతకాలేదు. పరీక్షలో పది మార్కులకు రాయటం వేరు, కన్నతండ్రికి నచ్చచెప్పటం వేరు. ఆ రోజు చెప్పలేకపోయినదాన్ని తర్వాత పుస్తకాలు తిరగేసి కూర్చుకొని, ఇక్కడ రాస్తున్నాను. మన మిత్రులలో చాలామంది ఇళ్ళలో ఈ ప్రశ్న ఉండే ఉంటుంది. గుండెజబ్బు పట్టణాలలోని షావుకార్ల జబ్బు అనుకొనే కాలం పోయింది. 2003-04లో ఉభయ గోదావరి జిల్లాలలోని 45 పల్లెలలో జరిగిన మరణాలకు కారణాలను ఇల్లిల్లూ తిరిగి రాసుకొన్నారు. సుమారు మూడో వంతు మరణాలకు గుండె, రక్తనాళాల జబ్బులే కారణమని తేలింది.

కాలేయమే కర్మాగారం

కొలెస్టరాల్ విషం కాదు. ప్రతి కణం గోడలోనూ అది ఉండాలి. పైత్యరసమూ, కొన్ని హార్మోనులూ దానితోనే తయారవుతాయి. అంత అవసరమైన వస్తువు కనుకనే శరీరం తిండి మీద ఆధారపడకుండా చాలా భాగం తానే తయారుచేసుకొంటుంది. "నేను గుడ్డు గూడా మానేస్తినే, అయినా యాడినుంచి వస్తాండాది?" అని నాయన అడిగిన ప్రశ్నకు జవాబు ఇదే. తిండి మార్చుకొంటే కొంత తగ్గుతుంది గాని, లోపల కర్మాగారం నడుస్తూనే ఉంటుంది.

కొలెస్టరాల్ నూనె జాతిది, నీటిలో కరగదు. అందువల్ల రక్తంలో ఒంటరిగా పోలేదు. ప్రొటీను చుట్టిన చిన్న చిన్న మూటలలో ప్రయాణం చేస్తుంది. ఆ మూటలలో ఒక రకమే ఎల్.డి.ఎల్. ఈ మూటలను రక్తంలోనుంచి ఎక్కువగా తీసివేసేది కూడా కాలేయమే. కాలేయ కణాల ఉపరితలం మీద ఎల్.డి.ఎల్. గ్రాహకాలు అనే ప్రొటీన్లు ఉన్నాయి. గ్రాహకం మూటను పట్టి లోపలికి లాగుతుంది, లోపల దించి మళ్ళీ పైకి వస్తుంది. ఇట్లా వచ్చిపోవటానికి దానికి సుమారు పది నిమిషాలు పడుతుంది.

దీన్ని మా ఊరి రేవులో చేపల బేరంతో పోల్చవచ్చు. పడవలు ఒడ్డుకు వచ్చాయి, గంపలు దించారు. కొనేవాళ్ళు పదిమంది ఉంటే గంటలో సరుకు లేచిపోతుంది. ఇద్దరే ఉంటే ఎండ ఎక్కేదాకా చేప ఇసుకమీదే ఉంటుంది, చెడుతుంది. గ్రాహకాలు కొనుగోలుదార్లు. అవి తక్కువైతే ఎల్.డి.ఎల్. మూటలు రక్తంలో రోజుల తరబడి తిరుగుతాయి. వాటి సంఖ్య పెరగటమేకాదు, తిరిగిన కొద్దీ చెడిపోయే అవకాశమూ పెరుగుతుంది.

బియ్యం మీది బూజు

ఈ కర్మాగారాన్ని కొంచెం తగ్గించగల పదార్థం ఏదైనా బూజులో ఉండవచ్చునని ఊహించినవాడు జపాను శాస్త్రజ్ఞుడు అకిరా ఎండో. ఆయన అకితా ప్రాంతపు రైతు కుటుంబంలో 1933లో పుట్టాడు. టోక్యోలోని సాంక్యో కంపెనీలో 1971లో పని మొదలుపెట్టి, రెండేళ్ళలో ఆరువేలకు పైగా బూజులను, శిలీంధ్రాలను పరీక్షించాడు. చివరికి 1973లో పెన్సిలియం సిట్రినం అనే బూజులో కాంపాక్టిన్ అనే పదార్థం దొరికింది. ఆ బూజు క్యోటోలోని ఒక ధాన్యపు దుకాణపు బియ్యంలోనుంచి వచ్చినది. ఇది చదివినప్పుడు నాకు వానాకాలంలో మా గాదె అడుగున పట్టే బూజు గుర్తుకొచ్చింది.

కొలెస్టరాల్ తయారీలో ముప్ఫై వరకు మెట్లున్నాయి. ఆరంభంలోనే ఉన్న ఒక మెట్టు దగ్గర హెచ్.ఎం.జి. కో-ఎ రిడక్టేజ్ అనే ఎంజైము పనిచేస్తుంది. ఉత్పత్తి ఎంత జరగాలో నిర్ణయించేది ముఖ్యంగా ఆ మెట్టే. కాంపాక్టిన్‌లో ఒక భాగం ఆ ఎంజైము పట్టుకొనే ముడిసరుకును పోలి ఉంటుంది. దొంగతాళం చెవి తాళంలో ఇరుక్కున్నట్టు, అది ఎంజైము నోట్లో కూర్చొని అసలు సరుకును రానివ్వదు. నేడు వాడే స్టాటిన్లన్నీ ఇట్లాగే పనిచేస్తాయి.

ఎండో మందును ఎలుకలకు పెట్టి చూస్తే కొలెస్టరాల్ తగ్గలేదు. మరొకరైతే అక్కడితో వదిలేసేవారు. ఆయన గుడ్లుపెట్టే కోళ్ళకు పెట్టి చూశాడు. నెలరోజుల్లో వాటి రక్తంలో కొలెస్టరాల్ సుమారు సగానికి తగ్గింది. ఎలుకలలో ఎందుకు తగ్గలేదంటే, ఎలుక కాలేయం మందుకు పోటీగా ఆ ఎంజైమునే అనేక రెట్లు తయారుచేసుకొన్నది. అదీగాక ఎలుక రక్తంలో అసలు ఎల్.డి.ఎల్. చాలా తక్కువ. 1987లో అమెరికాలో లోవాస్టాటిన్ అమ్మకానికి వచ్చింది. అది మొదటి స్టాటిన్ మందు. ఎండో 2024లో మరణించాడు.

కాలేయానికి ఆకలి పెట్టటం

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటున్నది. స్టాటిన్ రక్తంలోని కొవ్వును కరిగించదు. నాళాలను కడగదు. అది చేసేదల్లా కాలేయ కణానికి కొలెస్టరాల్ కొరత కలిగించటం. మిగతా పని కాలేయమే చేస్తుంది.

కణం లోపల ఎస్.ఆర్.ఇ.బి.పి. అనే ప్రొటీను కాపలా కాస్తూ ఉంటుంది. కొలెస్టరాల్ సరిపడినంత ఉన్నంతకాలం అది ఒక పొరకు కట్టుబడి కదలకుండా ఉంటుంది. కొలెస్టరాల్ తగ్గగానే ఆ కట్టు వదులుతుంది. ఆ ప్రొటీనులో ఒక ముక్క తెగి కణకేంద్రకంలోకి పోయి, ఎల్.డి.ఎల్. గ్రాహకం తయారుచేసే జన్యువును మేల్కొలుపుతుంది. కాలేయం మీద గ్రాహకాలు పెరుగుతాయి. ఇంట్లో ధాన్యం నిండుకుంటే బజారుకు మనుషులను పంపినట్టు, కాలేయం తన లోటును రక్తంలోని ఎల్.డి.ఎల్. తో తీర్చుకొంటుంది. రేవులో కొనేవాళ్ళు పెరిగారు, సరుకు త్వరగా లేచిపోయింది. రక్తంలో అంకె 148 నుంచి 74 కు దిగినది ఈ దారినే.

ఇది నిజమని ఎట్లా తెలుసు? పుట్టుకతోనే ఈ గ్రాహకాలు బొత్తిగా లేని పిల్లలు కొద్దిమంది ఉంటారు. వారి ఎల్.డి.ఎల్. 500 దాటుతుంది. పదేళ్ళు, పదిహేనేళ్ళ వయసులోనే గుండెపోటు రావచ్చు. ఈ పిల్లల కణాలను పరిశీలించే అమెరికా శాస్త్రజ్ఞులు బ్రౌన్, గోల్డ్‌స్టీన్ 1970లలో గ్రాహకాన్ని కనుగొని, 1985లో నోబెల్ బహుమతి పొందారు. గ్రాహకాలు లేని ఆ పిల్లలకు స్టాటిన్ ఇస్తే దాదాపు పనిచేయదు. ఎంజైమును అది అడ్డుకొంటూనే ఉంటుంది, కాని కొనేవాళ్ళే లేని రేవులో బేరం ఏముంటుంది?

మందు మోతాదు రెట్టింపు చేస్తే ఫలితం ఎందుకు రెట్టింపు కాదో కూడా ఇందులోనే తెలుస్తుంది. గ్రాహకాన్ని పెంచే ఆ కాపలా ప్రొటీనే పి.సి.ఎస్.కె.9 అనే మరో ప్రొటీనును కూడా పెంచుతుంది. ఇది గ్రాహకానికి అతుక్కొని, లోపలికి పోయిన గ్రాహకం తిరిగి పైకి రాకుండా నాశనం చేస్తుంది. అందువల్ల మోతాదు రెట్టింపు చేసినప్పుడల్లా ఎల్.డి.ఎల్. మరో ఆరు శాతం మాత్రమే తగ్గుతుంది.

పూడిక కాదు, గండి

అంకె తగ్గితే గుండెకేమి లాభం? మా ఊళ్ళో అందరూ అనేది, నాళంలో కొవ్వు కాలువలో పూడికలాగా పేరుకొంటుందని. నేనూ ఇంటర్మీడియట్ దాకా అట్లాగే అనుకొన్నాను. అది సరి కాదు. కొవ్వు పేరుకొనేది నాళం లోపలి దారిలో కాదు, నాళపు గోడలో.

ఎల్.డి.ఎల్. మూటలు చాలా సన్నవి. రక్తంలో ఎన్ని ఎక్కువ తిరిగితే అన్ని ఎక్కువ గోడ లోపలి పొరలోకి దూరతాయి. అక్కడి పోగులకు చిక్కుకొని చెడిపోతాయి. వాటిని తినటానికి వచ్చిన తెల్లకణాలు మితిమీరి తిని, కొవ్వుతో ఉబ్బి, అక్కడే చస్తాయి. గోడలో ఒక మెత్తని ముద్ద తయారవుతుంది. ఈ జబ్బుకు పెట్టిన ఎథిరోస్క్లిరోసిస్ అనే గ్రీకు పేరులో మొదటి సగానికి అర్థం అంబలి. ఆ అంబలికీ, పారే రక్తానికీ మధ్య ఒక నారపొర మూతలాగా ఉంటుంది.

ఎండ్రకాయలు బొక్కలు చేసిన చెరువుకట్టను తలచుకోండి. పైకి చూస్తే గడ్డి మొలిచి బాగానే ఉంటుంది. లోపల గుల్ల. ఒక రాత్రి గండి పడుతుంది. గుండెపోటు కూడా ఎక్కువసార్లు ఇట్లాగే వస్తుంది. పలచబడిన మూత చిరిగి లోపలి అంబలి రక్తానికి తగలగానే అక్కడ రక్తం గడ్డకడుతుంది. నిమిషాల్లో నాళం మూసుకుపోతుంది. అంతకు ముందురోజు దాకా సగం కూడా సన్నబడని నాళంలో కూడా ఇది జరగవచ్చు. మా నాయన ఆ ఉదయం కూడా వడ్ల మూట ఎత్తాడు.

ఎల్.డి.ఎల్. బాగా తగ్గి, కొన్నేళ్ళపాటు తగ్గి ఉంటే గోడలోకి కొత్త సరుకు రావటం తగ్గుతుంది. అంబలి కొంత తగ్గుతుంది, మూత దళసరి అవుతుంది. నాళపు దారి పెద్దగా వెడల్పు కాదు. ఫోటో తీసి చూస్తే తేడా బహు స్వల్పం. కాని గండి పడటం తగ్గుతుంది. కట్ట గట్టిపడటమే ఇక్కడ లాభం.

నయమైనవారిని లెక్కపెడితే చాలదు

2021 మే నెలలో కోవిడ్ మందు కోసం మా ఊరికి వేలాదిమంది వచ్చారు. రోడ్డంతా జనం. నయమైందన్నవారు చాలామంది ఉన్నారు. ఆ మందు పనిచేసిందో లేదో నేను తీర్పు చెప్పటం లేదు. కాని ఏ మందూ తీసుకోకపోయినా కోవిడ్ చాలామందికి తగ్గింది. అందుకని నయమైనవారిని మాత్రమే లెక్కపెట్టి ఏ మందు సంగతీ తేల్చలేము. ఒకే తీరుగా ఉన్న మనుషులను చీట్లు తీసినట్టు రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకు అసలు మాత్ర, మరొక జట్టుకు చూపుకు అట్లాంటిదే మందులేని మాత్ర ఇవ్వాలి. ఎవరిది ఏదో రోగికీ వైద్యునికీ తెలియకూడదు.

స్టాటిన్‌కు ఆ పరీక్ష స్కాండినేవియా దేశాలలో జరిగింది. ఫలితం 1994లో వచ్చింది. గుండెజబ్బు ఉన్న 4444 మందిని తీసుకొని, సుమారు అయిదున్నర ఏళ్ళు చూశారు. మందులేని మాత్ర తీసుకొన్న 2223 మందిలో 256 మంది చనిపోయారు. సింవాస్టాటిన్ తీసుకొన్న 2221 మందిలో 182 మంది. అంటే 74 ప్రాణాల తేడా. ముఖ్యమైన సంగతి ఇంకొకటి. ఏడాది దాటాకగాని రెండు జట్ల మధ్య తేడా స్పష్టం కాలేదు. కట్ట గట్టిపడటానికి అంత సమయం పడుతుంది.

ఇక్కడ ఒక అనుమానం రావచ్చు. లాభం ఎల్.డి.ఎల్. తగ్గినందువల్లనా, లేక స్టాటిన్‌లో ఉన్న వేరే ఏ గుణంవల్లనైనానా? దీనికి జవాబు మందు ఎరుగని మనుషుల దగ్గర దొరికింది. అమెరికాలో కొందరు నల్లజాతివారికి పుట్టుకతోనే పి.సి.ఎస్.కె.9 జన్యువులో ఒకటి పనిచేయదు. వారి గ్రాహకాలు నాశనం కావటం తక్కువ. 2006లో వెలువడిన పరిశీలన ప్రకారం వారి ఎల్.డి.ఎల్. ఇతరులకన్నా 28 శాతం తక్కువ, గుండెజబ్బు 88 శాతం తక్కువ. స్టాటిన్ అయిదేళ్ళలో ఇచ్చే లాభంకన్నా ఇది చాలా ఎక్కువ. ఎందుకంటే వారి రక్తంలో ఎల్.డి.ఎల్. పుట్టినప్పటినుంచీ తక్కువే. ఎంత తగ్గింది అనేదెంత ముఖ్యమో, ఎన్నేళ్ళు తగ్గి ఉన్నది అనేదీ అంతే ముఖ్యం.

నాయన లెక్క

అనేక పరీక్షలను కలిపి చూసినప్పుడు తేలినదేమంటే, ఎల్.డి.ఎల్. ప్రతి 39 మిల్లీగ్రాములు తగ్గినందుకు గుండెపోటు, పక్షవాతం వంటి పెద్ద ప్రమాదాలు సుమారు 22 శాతం తగ్గుతాయి. మొదటి ఏడు కొంచెం తక్కువ, తర్వాత ఎక్కువ. నాయనకు తగ్గినది 74, అంటే దాదాపు రెండు 39లు. ఒకసారి నూటికి 78 మిగులుతుంది, రెండోసారి అందులో 78 శాతం, అంటే సుమారు 61.

నాయనవంటి నూరుమందిని తీసుకొందాం. మాత్ర లేకుండా అయిదేళ్ళలో వారిలో 20 మందికి మళ్ళీ ప్రమాదం వస్తుందని లెక్కకోసం అనుకొందాం. మాత్ర వేసుకొంటే 12 మందికి వస్తుంది. ఎనిమిదిమంది తప్పించుకొంటారు. మిగిలిన 80 మందికి ఎట్లాగూ వచ్చేది కాదు. ఆ 12 మందికి మాత్ర వేసుకొన్నా వస్తుంది. ఆ ఎనిమిదిమందిలో తానున్నాడో లేదో ఎవరికీ తెలియదు. ఇది మాయమంత్రం కాదు. కాని ఎనిమిది కుటుంబాలంటే మా వీధిలో సగం.

ఇక నార్మల్ అనే మాట. ల్యాబు గడి ఏ జబ్బూ లేని మనిషిని దృష్టిలో పెట్టుకొన్నది. ఒకసారి గండి పడిన కట్టకు ఆ కొలత చాలదు. గుండెపోటు వచ్చినవారికి ఎల్.డి.ఎల్. 55 కన్నా తక్కువ ఉండాలని 2019 యూరపు వైద్యుల సూచన. కాబట్టి 74 అనేది మాత్ర మానటానికి కారణం కాదు సరికదా, ఇంకా కొంచెం తగ్గించవలసిన అంకె.

మాత్ర మానినాక నాయనకు మళ్ళీ పరీక్ష చేయించాం. 143 వచ్చింది. ఆశ్చర్యం లేదు. ఎంజైము మీద అడ్డు పోయింది, కాలేయానికి ఆకలి తీరింది, గ్రాహకాలు తగ్గిపోయాయి. ఇదంతా కొద్దివారాల పనే.

మాత్రవల్ల పిక్కలు లాగుతున్నాయని కూడా నాయన అన్నాడు. స్టాటిన్లవల్ల కొద్దిమందికి కండరాల నొప్పి నిజంగానే వస్తుంది. బహు అరుదుగా కండరం దెబ్బతిని మూత్రం నల్లటి రంగులో పోతుంది. అప్పుడు వెంటనే వైద్యుని దగ్గరకు పోవాలి. కొందరికి రక్తంలో చక్కెర కాస్త పెరుగుతుంది. అయితే మందులేని మాత్ర తీసుకొన్నవారు కూడా దాదాపు అంతమందే నొప్పులని చెప్పారు. నాయన పిక్కల నొప్పి మాత్ర మానిన రెండు నెలల్లోనూ తగ్గలేదు. అది మడిలో నిలబడిన నొప్పి.

ఇంత చెప్పినా ఆయనకు ఎక్కింది మాత్రం ఒక్క మాట. మా పల్లపు చేనుకు రొయ్యల గుంటలనుంచి ఉప్పునీళ్ళు ఊరుతుంటాయి. మోటారు పెట్టి తోడుతుంటేనే పైరు నిలుస్తుంది. "నాయనా, నీళ్ళు తగ్గినాయని మోటారు ఆపేస్తే ఏమవుద్ది?" అని అడిగాను.

ఆయన కొంచెంసేపు ఏమీ అనలేదు. తర్వాత, "ఊట ఆగదు గదా," అన్నాడు.

మరుసటి వారం నెల్లూరుపోయి వైద్యునికి ఉన్నదున్నట్టు చెప్పాం. ఆయన పాత మాత్రనే కొనసాగించి, తోడుగా ఎజెటిమైబ్ అనే ఇంకో మాత్ర ఇచ్చాడు. అది పేగులో కొలెస్టరాల్‌ను రక్తంలోకి ఎక్కకుండా ఆపేది. కాలేయానికి ఆకలి ఇంకొంచెం పెరుగుతుందన్నమాట. మూడు నెలలకు 57 వచ్చింది. ఈసారి కాగితం నాయన మడిచి చొక్కా జేబులో పెట్టుకొన్నాడు. మాత్రల అట్ట మాత్రం అమ్మ దగ్గర ఉన్నది. రోజూ రాత్రి ఆమే లెక్కపెడుతుంది.

- తృతీయ సంవత్సరం, బి.ఎస్సీ.